ఫోటోలో నవ్వు ఒక పక్కకే ఉంటే: వెంటనే ఏం చేయాలి

ఆదివారం ఉదయం. తణుకు దగ్గర ఒక పల్లెలో మీవాళ్ల గృహప్రవేశం. కొత్త ఇంటి గుమ్మం ముందు అందరూ నిలబడి ఫోటో దిగారు. మీరు అమెరికాలో, డాలస్‌లో ఉన్నారు. మీకు అక్కడ ఇంకా శనివారం అర్ధరాత్రి కావస్తోంది. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. పెద్దది చేసి ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వెళ్తుంటే అమ్మ దగ్గర మీ చూపు ఆగిపోయింది. అమ్మ నవ్వుతోంది, కానీ నవ్వు ఒక పక్కనే ఉంది. రెండో పక్క పెదవి మూల కిందికి వాలి ఉంది. ఫోటో కింద అప్పటికే పదిమంది శుభాకాంక్షలు పెట్టారు. అమ్మ ముఖం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇది నేను ఊహించి చెబుతున్న సందర్భం. ఇలాంటి ఫోటో ఏ రోజైనా మీ ఫోనుకు రావచ్చు కనుక, అది వచ్చిన క్షణం నుంచి ఏం చేయాలో ఈ ఒక్క ఉదాహరణ పట్టుకునే వరుసగా చెబుతాను.

ముందుగా నియమం. ముఖంలో ఒక పక్క కొత్తగా, ఉన్నట్టుండి వాలితే, స్కాన్ చూసిన డాక్టరు కాదని చెప్పేదాకా దాన్ని స్ట్రోక్‌గానే, అంటే మనం పక్షవాతం అనేదానికి దారితీసే మెదడు జబ్బుగానే భావించాలి. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, రక్తనాళం చిట్లినా, ఆ భాగం నడిపించే కండరాలు ఆదేశాలు అందక సడలిపోతాయి. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో చికిత్స అందని ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్కగట్టారు. ఇంత జరుగుతున్నా సాధారణంగా నొప్పి ఉండదు. గుండెపోటులా మనిషి ఛాతీ పట్టుకుని కూలబడడు. అందుకే చుట్టూ ఉన్నవాళ్లు ‘కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది’ అనుకుంటారు. ఆ కాసేపట్లోనే చికిత్స గడువు కరిగిపోతుంది.

ఫోటోను అర నిమిషం చూడండి, అంతకు మించి వద్దు

ముఖాన్ని పెద్దది చేసి రెండు చోట్ల చూడండి. మొదటిది పెదవి మూలలు. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా? పళ్లు రెండు పక్కలా సమానంగా కనబడుతున్నాయా? రెండోది ముక్కు పక్క నుంచి పెదవి మూల వైపు దిగే గీత. నవ్వినప్పుడు ఆ గీత రెండు పక్కలా లోతుగా పడాలి. ఒక పక్క గీత చదునైపోయి, చెంప ఇస్త్రీ చేసినట్టు నున్నగా కనిపిస్తే ఆ పక్క కండరం పని చేయడం లేదని అర్థం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ‘మూతి కుడికి లాగేసింది’ అంటాం కనుక కుడి పక్కే జబ్బు అనుకుంటాం. నిజం దానికి తలకిందులు. బలంగా ఉన్న పక్క కండరం మూతిని తన వైపు లాక్కుంటుంది, సడలిన పక్క అడ్డుపడలేకపోతుంది. మూతి కుడికి లాగితే దెబ్బ తిన్నది ఎడమ పక్క. చేతిలో బలం తగ్గిందా అని చూసేటప్పుడు, డాక్టరుకు చెప్పేటప్పుడు ఈ సంగతి అవసరమవుతుంది.

సెల్ఫీ అయితే ఇంకో చిక్కు. కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలో కనిపించినట్టు తిప్పి దాచుకుంటాయి. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. చీర కట్టిన మనిషైతే పైట చూడండి. మామూలుగా పైట ఎడమ భుజం మీద ఉంటుంది. ఫోటోలో కుడి భుజం మీద కనిపిస్తే బొమ్మ తిరగబడిందన్నమాట. గోడ మీది అక్షరాలు ఉన్నా అవే చెబుతాయి. అయితే ఏ పక్క అన్నది తేల్చుకోవడానికి ఆగవద్దు. ఏ పక్క వాలినా చేయవలసిన పని ఒక్కటే.

కెమెరా చేసే మోసాలు కూడా కొన్ని ఉన్నాయి. గుంపు ఫోటోలో అంచున నిలబడినవారి ముఖాలు సాగినట్టు వస్తాయి. మాట్లాడుతుండగా తీస్తే నోరు వంకరగా పడుతుంది. తల ఒక పక్కకు వంచినా, ఒక చెంప నీడలో ఉన్నా తేడా కనిపిస్తుంది. పుట్టుకతోనే కొంచెం ఒక పక్కకు నవ్వేవాళ్లు ఎందరో ఉన్నారు. అదే రోజు తీసిన మరో ఫోటో ఉంటే చూడండి. లేకపోతే పోయిన నెలదో, పండగదో మీ ఫోనులోనే ఉంటుంది. పాత ఫోటోల్లోనూ నవ్వు అలాగే ఉంటే మనసు కుదుటపరచుకోవచ్చు. తేడా కొత్తదైతే, లేదా కొత్తదో కాదో అర నిమిషంలో తేలకపోతే, ఫోటోను వదిలేసి ఫోను చేయండి. ఆ ఫోటోను నలుగురికి పంపి ‘మీకూ అలాగే కనిపిస్తోందా’ అని అడగడం మాత్రం వద్దు. సమాధానాలు వచ్చేసరికి అరగంట పోతుంది.

పక్కనున్న మనిషికి ఫోను చేయండి

అమ్మకు కాదు, అమ్మ పక్కన ఉన్న మనిషికి చేయాలి. మన ఉదాహరణలో తమ్ముడు అక్కడే ఉన్నాడు. ‘తమ్ముడూ, సందడిలోంచి పక్కకు రా. అమ్మ ఎక్కడుంది? ఆమె ఎదురుగా నిలబడి వీడియో కాల్ పెట్టు. ఎందుకో తర్వాత చెబుతాను’ అనండి. మెసేజ్ పెడితే హోమం పొగలో, వడ్డనల హడావిడిలో ఎవరూ చూడరు.

అమ్మ చేత మూడు పనులు చేయించాలి. అన్నీ కలిపి ఒక్క నిమిషం పడుతుంది.

మొదటిది, ‘పళ్లు కనబడేలా ఇకిలించమ్మా’ అని అడగడం. ఇక్కడ జోకు చెప్పి నవ్వించవద్దు. ఇది చాలామందికి తెలియని సంగతి కనుక కొంచెం వివరంగా చెబుతాను. మనం కావాలని చేసే నవ్వుకూ, దానంతటదే వచ్చే నవ్వుకూ మెదడులో దారులు వేరు. స్ట్రోక్ వచ్చినవారిలో కొందరికి అడిగినప్పుడు పెదవి ఒక పక్క కదలదు, కానీ మనవడి అల్లరి చూసి నిజంగా నవ్వినప్పుడు రెండు పక్కలా సమంగానే కదులుతుంది. ఫోటో కోసం పెట్టే నవ్వు కావాలని చేసేది. అందుకే ఫోటోలో తేడా పట్టుబడి, తర్వాత కబుర్లలో కనిపించకుండా పోవచ్చు. ‘ఇప్పుడే నవ్వింది, బాగానే ఉంది కదా’ అని ఎవరైనా అంటే ఆ మాటకు లొంగవద్దు. అడిగి పళ్లు చూపించమనండి, అదే పరీక్ష.

రెండోది చేతులు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు ఆకాశం వైపు పెట్టి, కళ్లు మూసుకుని పది సెకన్లు అలాగే ఉంచమనాలి. ఒక చెయ్యి మెల్లగా కిందికి జారినా, అరచేయి లోపలికి తిరిగిపోయినా, అసలు లేవకపోయినా ఆ పక్క బలం తగ్గినట్టే. ‘చేతులు బాగానే ఆడుతున్నాయి, ఇందాక కాఫీ గ్లాసు పట్టుకుంది’ అనేది పరీక్ష కాదు. ఏ చేత్తో పట్టుకుందో ఎవరూ గమనించి ఉండరు.

మూడోది మాట. ‘ఈరోజు ఆదివారం, మన ఇంటికి చుట్టాలు వచ్చారు’ అని చెప్పించండి. మాట ముద్దగా వస్తోందా, ఒక పదానికి మరో పదం పడుతోందా, మీరు అడిగింది అర్థం కానట్టు చూస్తోందా అని గమనించండి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి కొత్తగా తేడాగా ఉన్నా చాలు, అంబులెన్సుకు ఫోను చేయాలి. చేతులు, మాట బాగానే ఉండి మూతి ఒక్కటే వంకర పోయినా అంతే. మూడూ కలిసి వచ్చేదాకా చూడటం అంటే స్ట్రోక్ ముదిరేదాకా చూడటమే. ఉన్నట్టుండి తూలడం, ఒక కంటికి లేదా ఒక పక్క చూపు పోవడం, ఒకటికి రెండు కనిపించడం కూడా స్ట్రోక్ లక్షణాలే. వాటిలో నవ్వు చక్కగానే ఉండవచ్చు. కాబట్టి ఫోటో బాగుందని ధైర్యపడటానికీ లేదు.

అమ్మ ఏమంటుందో కూడా ముందే తెలిసి ఉండాలి. ‘నాకేమీ కాలేదురా, రాత్రి నిద్ర లేదు, పనిలో అలసిపోయాను’ అంటుంది. శుభకార్యం ఆగిపోతుందేమోనన్న బెంగ ఒక కారణం. దానికంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. మెదడు కుడి భాగంలో స్ట్రోక్ వస్తే, తన ఎడమ పక్క పని చేయడం లేదన్న సంగతే రోగికి తెలియకపోవచ్చు. ఆమె అబద్ధం ఆడటం లేదు, ఆ పక్క ఉన్నదన్న ఎరుకనే మెదడు పోగొట్టుకుంది. అందుకని రోగి ‘బాగున్నాను’ అనడాన్ని నిర్ణయానికి ఆధారం చేసుకోకూడదు.

‘ఇది ముఖానికి వచ్చే మామూలు పక్షవాతమేనేమో’ అని ఎవరైనా అంటే

తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. ముఖ నరం వాయడం వల్ల వచ్చే బెల్స్ పాల్సీ అనే జబ్బు నిజంగానే ఉంది. అది ప్రాణం మీదికి తేదు, ఎక్కువమందికి నయమైపోతుంది. దాన్ని గుర్తుపట్టడానికి డాక్టర్లు నుదురు చూస్తారు. నుదుటి కండరాలకు మెదడు రెండు పక్కల నుంచీ ఆదేశాలు వస్తాయి. కాబట్టి మామూలు స్ట్రోక్‌లో ఒక పక్క దెబ్బతిన్నా నుదురు ముడతలు పడుతుంది, కన్ను మూసుకుంటుంది, కింది సగమే వాలుతుంది. బెల్స్ పాల్సీలో నరమే దెబ్బ తింటుంది కనుక నుదురు, కన్ను, మూతి మూడూ ఆ పక్క కదలవు. చెవి వెనక నొప్పి, రుచి తెలియకపోవడం తోడవుతాయి. నిమిషాల్లో కాక, కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో పెరుగుతుంది.

ఇంత చెప్పిన తర్వాత కూడా మీరు ఈ తేడాను పట్టుకుని ఇంట్లో ఆగిపోకూడదని చెబుతాను. మెదడు కాండంలో, ముఖ నరం బయలుదేరే చోటే స్ట్రోక్ వస్తే నుదురు కూడా కదలదు. అది అచ్చం బెల్స్ పాల్సీలాగే కనిపిస్తుంది. ఈ రెండింటినీ విడదీయడం నరాల డాక్టర్లకే ఒక్కోసారి కష్టం, ఫోను తెరలో మనకు సాధ్యం కాదు. చివరకు బెల్స్ పాల్సీ అని తేలినా ఆసుపత్రికి వెళ్లడం వృథా కాదు. దానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మూడు రోజుల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, మూతపడని కన్ను ఎండిపోకుండా చుక్కల మందు కూడా రాస్తారు.

108కు ఎవరు చేయాలి, ఏం చెప్పాలి

మీరు డాలస్ నుంచి 911కు చేస్తే పల్లెకు అంబులెన్సు రాదు. 108కు విదేశం నుంచి నేరుగా కలవదు. అక్కడున్న తమ్ముడో, పక్కింటివారో తమ ఫోను నుంచి చేయాలి. మీ కాల్ కొనసాగుతుండగా ఇంకొకరి ఫోను నుంచి చేయించండి. అమ్మానాన్నలు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఇదే అసలు చిక్కు. పక్కింటి వాళ్ల నంబరు, ఊళ్లో కారున్న ఒక మనిషి నంబరు మీ ఫోనులో ఉన్నాయో లేదో ఈ వ్యాసం చదవడం ఆపి ఇప్పుడే చూసుకోండి.

108లో చెప్పవలసిన మాటలు కొన్నే. ‘స్ట్రోక్ అనుకుంటున్నాం. అరవై రెండేళ్ల మనిషి. మూతి ఒక పక్క వాలింది, ఎడమ చెయ్యి జారుతోంది. తొమ్మిదీ నలభై దాకా బాగానే ఉంది’ అని చెప్పి ఊరు, గుడి, చెరువుగట్టు వంటి ఆనవాలు చెప్పాలి. ‘ఒంట్లో బాగాలేదు’, ‘నీరసంగా ఉంది’ అంటే ఆ తొందర అవతలివారికి అందదు. స్ట్రోక్ అన్న మాట మీ నోటి నుంచే రావాలి. అంబులెన్సు రావడానికి ఎంతసేపు పడుతుందో అడగండి. ఇంటి ముందు కారు సిద్ధంగా ఉండి, అంబులెన్సు చాలా దూరంలో ఉందంటే కారులోనే బయలుదేరడం మేలు. వెనక సీటులో తోడుగా మరొకరు ఉండాలి.

సమయం పట్టుకోండి

ఫోటో విలువ అసలు ఇక్కడ ఉంది. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న ‘లక్షణాలు ఎప్పుడు చూశారు’ అన్నది కాదు, ‘చివరిసారి బాగా ఉన్నట్టు ఎప్పుడు చూశారు’ అన్నది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ గడువును అక్కడి నుంచే లెక్కగడతారు. ఆ గడువు నాలుగున్నర గంటలు.

మన ఉదాహరణలో ఈ లెక్క వేసి చూద్దాం. మీ వాట్సాప్‌లో ఫోటో శనివారం రాత్రి 11:55కి వచ్చినట్టు చూపిస్తోంది. అది మీ గడియారం. వేసవి సమయంలో డాలస్‌కూ మనకూ తేడా పదిన్నర గంటలు, కాబట్టి ఇండియాలో ఆదివారం ఉదయం 10:25. అయితే అది ఫోటో పంపిన సమయమే, తీసిన సమయం కాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో తీసిన సమయం వివరాలు పోతాయి. ఎవరి ఫోనుతో తీశారో వారి గ్యాలరీలో ఆ ఫోటో తెరిచి, పైకి జరిపి చూస్తే అసలు సమయం కనిపిస్తుంది. చూస్తే 10:05 అని ఉంది. అదే ఫోనులో 9:10కి తీసిన ఇంకో ఫోటో ఉంది. అందులో అమ్మ నిండుగా, రెండు పక్కలా నవ్వుతోంది.

అంటే 9:10కి బాగుంది, 10:05కి బాగా లేదు. మధ్యలో ఎవరైనా చూశారా? మరదలు చెబుతోంది: ‘తొమ్మిదీ నలభైకి అత్తయ్య నాతో మాట్లాడారు, పాలు పొంగించే గిన్నె చేతికిచ్చారు, మాట మామూలుగానే ఉంది.’ అయితే చివరిసారి బాగున్న సమయం 9:40. నాలుగున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం 2:10. దీన్ని ఒక కాగితం మీద రాసి తమ్ముడి జేబులో పెట్టించండి.

ఇది లేకపోతే ఏమవుతుంది? ఆసుపత్రిలో హడావిడిగా అడిగినప్పుడు ఎవరో బంధువు ‘పొద్దుటి నుంచీ అదోలా ఉందండీ’ అంటాడు. గృహప్రవేశం కదా, పొద్దున్న అంటే నాలుగింటికే లేచారు. నాలుగింటి నుంచి అని డాక్టరు రాసుకుంటే ఉదయం ఎనిమిదిన్నరకే గడువు ముగిసినట్టవుతుంది, ఇంజెక్షన్ చేతిలో ఉన్నా ఇవ్వడానికి వెనకాడతారు. ఆ ఒక్క మాట మనిషి నడకను, మాటను తీసుకుపోగలదు. దీనికి విరుగుడు 9:10 నాటి ఆ చక్కటి నవ్వు ఫోటో, మరదలి మాట. ఆమెను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లండి, లేదా ఆమె నంబరు ఇవ్వండి. ఇంకో సంగతి, తక్కువ సమయం చెబితే ఇంజెక్షన్ ఇస్తారని అబద్ధం చెప్పకూడదు. గడువు దాటాక ఇస్తే మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఎక్కువ.

నిద్ర లేచేసరికే మూతి వంకర పోయి ఉంటే, లెక్క రాత్రి పడుకున్నప్పటి నుంచి మొదలవుతుంది. అప్పుడు కూడా ‘గడువు దాటిపోయింది’ అని మీరే తేల్చుకోవద్దు. ఎమ్మారై వంటి పరీక్షలతో ఇంకా బతికి ఉన్న మెదడు భాగం ఎంతో చూసి కొందరికి చికిత్స చేయగలుగుతారు.

బండి వచ్చేలోగా

నోట్లో ఏమీ వేయకండి. మంచినీళ్లు, కాఫీ, పంచదార నీళ్లు, ఏ మాత్రా వద్దు. మూతి వాలిన మనిషికి మింగడం కూడా కుదరకపోవచ్చు. నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అదో కొత్త ప్రమాదం. ఆస్పిరిన్ మాత్ర గుండెపోటులో వేస్తారు కదా అని ఇక్కడ వేయకూడదు. గడ్డ వల్ల వచ్చిందో, రక్తస్రావం వల్ల వచ్చిందో స్కాన్ తీయకుండా చెప్పలేం. రక్తస్రావమైతే ఆస్పిరిన్ దాన్ని పెంచుతుంది.

బీపీ చూస్తే ఎక్కువగా ఉంటుంది. చాలామటుకు స్ట్రోక్‌లలో ఉంటుంది. వెంటనే ఊళ్లోని ఆర్‌ఎంపీని పిలిచి నాలుక కింద మాత్ర పెట్టించడం మన దగ్గర అలవాటు. వద్దు. రక్తనాళం మూసుకుపోయినప్పుడు ఆ పెరిగిన ఒత్తిడే పక్క దారుల్లోంచి మెదడుకు కాస్త రక్తాన్ని అందిస్తూ ఉండవచ్చు. దాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే నష్టం పెరుగుతుంది. ఎంతవరకు తగ్గించాలో ఆసుపత్రిలో కొలిచి తగ్గిస్తారు. సుగర్ ఉన్న మనిషై, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే వేలు పొడిచి అంకె రాసుకోండి. సుగర్ బాగా పడిపోతే స్ట్రోక్ లాంటి లక్షణాలే రావచ్చు, ఆ అంకె అంబులెన్సు వారికి, డాక్టరుకు ఉపయోగపడుతుంది. మీటర్ కోసం వెతుకుతూ బయలుదేరడం ఆపవద్దు.

మత్తుగా ఉంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కట్టుడు పళ్లు తీసేయండి. పసరు పోయించడం, పావురం రక్తం రాయించడం, నూనెతో మర్దన చేయించడం వంటివి ఎవరైనా చెబితే, పెద్దవారితో వాదనకు దిగకుండా ‘ముందు స్కాన్ తీయించి వద్దాం’ అని బండి ఎక్కించండి. పసరు మందు పుచ్చుకున్నవారు కోలుకున్నారంటే, చిన్న స్ట్రోక్‌లు కొన్ని వాటంతటవే కొంత తగ్గుతాయి కనుక. అసలు నష్టం ఆ దారిన పోయే గంటల్లో ఉంది.

తీసుకువెళ్లవలసినవి: వాడుతున్న మందుల స్ట్రిప్పులు, పాత చీటీలు, సమయం రాసిన కాగితం, ఆ రెండు ఫోటోలున్న ఫోను. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా, ఈమధ్య పెద్ద ఆపరేషన్ జరిగిందా, తలకు దెబ్బ తగిలిందా అన్నవి అడుగుతారు. మందు పేరు గుర్తు లేకపోతే స్ట్రిప్పే చెబుతుంది.

ఏ ఆసుపత్రికి

దగ్గరలో ఉన్న ఆసుపత్రి అని కాదు, సీటీ స్కాన్ రాత్రింబగళ్లు తీసేది, స్ట్రోక్ ఇంజెక్షన్ ఇచ్చేది అయి ఉండాలి. స్కాన్ లేని చోట సెలైన్ పెట్టించుకుని, ఒక గంట తర్వాత ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అనిపించుకోవడం వల్ల ఎన్నో గడువులు పోయాయి. బండి కదలగానే మీరు డాలస్ నుంచే ఆసుపత్రికి ఫోను చేయవచ్చు. ఈ పని దూరాన ఉన్నవారు బాగా చేయగలరు. రెండు ప్రశ్నలు అడగండి: ‘సీటీ ఇప్పుడు పనిచేస్తోందా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరు అందుబాటులో ఉన్నారా?’ అవునంటే ‘స్ట్రోక్ రోగి గంటలో వస్తోంది, 9:40 దాకా బాగుంది’ అని చెప్పండి. ముందే తెలిస్తే స్కాన్ గదిని సిద్ధంగా ఉంచగలుగుతారు.

మన ఉదాహరణలో 10:35కు 108కు ఫోను వెళ్లింది. 11:50కి రాజమహేంద్రవరంలో ఆసుపత్రి చేరారు. 12:10కి సీటీ తీశారు, రక్తస్రావం లేదు. బీపీని కొంత తగ్గించి, బరువు చూసి మోతాదు లెక్కగట్టి 12:30కి ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆల్టెప్లేజ్ అయితే కొంత ఒక్కసారిగా ఇచ్చి మిగతాది గంటసేపు ఎక్కిస్తారు, టెనెక్టెప్లేజ్ అయితే ఒక్కసారే ఇస్తారు. గడువు ఇంకా గంటా నలభై నిమిషాలు ఉంది. అలాగని 2:10 దాకా తీరిగ్గా ఉండవచ్చని కాదు. అదే ఇంజెక్షన్ ఎంత ముందుగా పడితే అంత ఎక్కువ మెదడు మిగులుతుంది.

సంతకం పెట్టమన్నప్పుడు ఇంటివాళ్లు తటపటాయిస్తారు. ఈ ఇంజెక్షన్ వల్ల కొద్దిమందిలో మెదడులో రక్తస్రావం జరగవచ్చని డాక్టరు చెబుతారు, అది నిజమే. ఆ మాట వినగానే ‘పెద్దాయన వచ్చాక అడిగి చెబుతాం’ అంటే గడియారం ఆగదు. ఎవరు సంతకం పెట్టాలో దారిలోనే తేల్చుకోండి. పెద్ద రక్తనాళంలో గడ్డ ఉంటే, తొడ దగ్గరి నుంచి సన్నని గొట్టం పంపి దాన్ని బయటికి లాగే చికిత్స కూడా ఉంది. మామూలుగా ఆరు గంటల లోపు, స్కాన్‌ను బట్టి కొందరికి 24 గంటల దాకా చేస్తారు. అది పెద్ద కేంద్రాల్లోనే దొరుకుతుంది, కాబట్టి అక్కడికి పంపాల్సి వస్తుందా అని ముందే అడగండి.

ఫోను చేసేసరికి నవ్వు మామూలైపోతే

అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఫోటోలో 10:05కి మూతి వాలి ఉంది, 10:30కి వీడియోలో చక్కగా ఉంది. ‘ఫోటో సరిగ్గా పడలేదు’ అని అందరూ నవ్వేస్తారు. గడ్డ వచ్చి కాసేపు అడ్డుపడి దానంతటదే కరిగిపోతే ఇలాగే జరుగుతుంది. దాన్ని మినీ స్ట్రోక్ అంటారు. దాని తర్వాత పెద్ద స్ట్రోక్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువ. కాబట్టి ఆ రోజే, అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. మెదడు స్కాన్, మెడలోని రక్తనాళాల పరీక్ష, గుండె లయ చూసే ఈసీజీ చేసి, గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతారు. మరో గడ్డ రాకుండా మందులు మొదలుపెడతారు.

ఆ ఫోటో మూడు రోజుల కిందటిదై, మీరు ఈరోజే చూసినా ఇదే పని. ముందు ఫోను చేసి మూడు పరీక్షలూ చేయించండి. ఇప్పుడు బాగానే ఉన్నా అదే రోజు డాక్టరుకు చూపించండి. అక్కడ ‘మూతి కొంచెం వంకరగా అనిపించిందండీ’ అని నోటితో చెబితే తేలిగ్గా తీసుకునే అవకాశం ఉంది. ఫోను తెరిచి ముందు రోజు ఫోటో, ఆ రోజు ఫోటో పక్కపక్కన పెట్టి, తీసిన సమయాలతో సహా చూపించండి.